108ని తాకిన రోజు: ఒక నాకౌట్ కాల్, దాని తర్వాత వచ్చిన ఒక డిజిటల్

ఒక దిగుమతి కంపెనీ ఫైనాన్స్ మేనేజర్ ఫోన్ చేసేసరికి విదేశీ కరెన్సీ రేటు 108.60 దగ్గర ఉంది. "ఒక్క మాట సూటిగా చెప్పండి, మా ఆప్షన్ పోయినట్టేనా?" అని అడిగారు. పోయింది. అంతకు ముందు రాత్రే పోయింది. ఆ సంగతి అమ్మిన బ్యాంకు నుంచి వచ్చిన రెండు లైన్ల ఈమెయిల్‌లో ఉంది, కానీ ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు. కరెన్సీ పెరిగితే కాపాడడానికి కొన్న ఆప్షన్, సరిగ్గా పెరిగినప్పుడే ఎలా చచ్చిపోతుంది?

నేను కొన్నేళ్లు ఆప్షన్లు అమ్మే డెస్క్ మీద పనిచేశాను. ఇప్పుడు కొనే వాళ్ల పక్కన కూర్చుంటున్నాను. ఈ కేసులో నన్ను పిలిచింది నష్టం జరిగాక. కంపెనీ పేరు, కరెన్సీ పేరు అవసరం లేదు కాబట్టి లెక్క తేలిగ్గా ఉండేలా అంకెలను గుండ్రం చేశాను. విదేశీ కరెన్సీ ఒక యూనిట్ రేటు సొంత కరెన్సీలో 100 అనుకోండి. వడ్డీ రేట్లు రెండు వైపులా సమానం, వొలటిలిటీ, అంటే రేటు ఎంత ఊగుతుందన్న కొలత, ఏడాదికి 10 శాతం. కింద చెప్పే ధరలన్నీ ఈ లెక్క మీదే వేసినవి. అసలు మార్కెట్ కోట్‌లో బ్యాంకు లాభం, వొలటిలిటీ స్ట్రైక్‌ని, అంటే ఆప్షన్‌లో ముందే రాసుకున్న రేటుని, బట్టి మారడం కూడా కలుస్తాయి కాబట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. విషయం మాత్రం మారదు.

కంపెనీ యంత్రాల విడిభాగాలు దిగుమతి చేసుకుంటుంది. ఆరు నెలల తర్వాత 10 లక్షల యూనిట్లు చెల్లించాలి. రేటు పెరిగితే నష్టం. దీనికి పాఠ్యపుస్తకం మందు 100 స్ట్రైక్‌తో ఆరు నెలల కాల్. గడువు రోజున రేటు 100 దాటితే ఎంత దాటిందో అంత చేతికొస్తుంది, దాటకపోతే ప్రీమియం పోతుంది, అంతే. మధ్యలో రేటు ఎన్ని గంతులు వేసినా కాల్‌కి పట్టదు. పుట్ దీనికి అద్దంలో బొమ్మ. ఎగుమతిదారుకి రేటు పడిపోతే నష్టం కాబట్టి, స్ట్రైక్ కంటే ఎంత కిందికి దిగితే అంత ఇస్తుంది. రెండింటికీ చివరి రోజు రేటు ఒక్కటే ముఖ్యం.

ఆ కాల్ ధర యూనిట్‌కి 2.82. పది లక్షల యూనిట్లకి 28.2 లక్షలు. ఆ అంకె విన్నాక బోర్డులో ఎవరికైనా కాస్త గుండె ఝల్లుమంటుంది. అప్పుడు బ్యాంకు మనిషి రెండో కాగితం ముందుకు జరిపాడు. అదే స్ట్రైక్, అదే గడువు, ధర 0.66. అంటే 6.6 లక్షలు. ఒకే ఒక్క షరతు: ఈ ఆరు నెలల్లో రేటు ఎప్పుడైనా 108ని తాకితే ఆప్షన్ రద్దు.

ఆ 108ని బ్యారియర్ అంటారు, ఇలాంటి కాల్‌ని అప్ అండ్ అవుట్ కాల్ అంటారు. డెస్క్ భాషలో రివర్స్ నాకౌట్. 'రివర్స్' అన్న మాటలోనే అసలు హెచ్చరిక ఉంది. అది కాగితం మీద ఎక్కడా లేదు, అమ్మకందారు నోట్లో తప్ప.

ఫైనాన్స్ మేనేజర్ మూర్ఖంగా ఏమీ కొనలేదు. ఆవిడ లెక్క ఇది: "గత రెండేళ్లలో ఆరు నెలల్లో 8 శాతం పెరిగిన సందర్భం చూడలేదు. పోతే పోయే అవకాశం తక్కువ, మిగిలేది 21.6 లక్షలు." అవకాశం తక్కువే. కానీ ఆవిడ అనుకున్నంత తక్కువ కాదు. ఇక్కడే మొదటి పొరపాటు జరిగింది.

10 శాతం వొలటిలిటీ లెక్కన ఆరు నెలల తర్వాత రేటు 108 పైన *ముగిసే* అవకాశం సుమారు 13 శాతం. ఆవిడ మనసులో ఉన్నది ఈ అంకె. కానీ ఈ ఒప్పందం అడిగేది ముగింపు గురించి కాదు, దారి గురించి. ఆరు నెలల్లో ఏదో ఒక క్షణంలో 108ని *తాకే* అవకాశం సుమారు 27 శాతం. రెట్టింపు. ఎందుకు రెట్టింపో తేలిగ్గానే పట్టుకోవచ్చు. రేటు 108ని తాకిన క్షణం నుంచి అది పైకి పోయే అవకాశం, కిందికి పోయే అవకాశం దాదాపు సమానం. కాబట్టి పైన ముగిసిన ప్రతి దారికీ, తాకి వెనక్కి వచ్చి కింద ముగిసిన దారి ఒకటి జతగా ఉంటుంది. ముగింపు మాత్రమే చూసేవాడికి ఈ రెండో రకం దారులు కనపడవు. బ్యారియర్ ఆప్షన్‌కి అవి కూడా చావే.

ఇక అసలు విషయం. ఆవిడకి నేను చూపించిన ఒకే ఒక పోలిక ఇది. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

అదే 100 స్ట్రైక్ కాల్‌కి 108 దగ్గర కాకుండా కింద 95 దగ్గర బ్యారియర్ పెట్టారనుకోండి. రేటు 95కి పడిపోతే ఆప్షన్ రద్దు. ఇది మామూలు నాకౌట్, డౌన్ అండ్ అవుట్ కాల్. 95ని తాకే అవకాశం ఎంత? సుమారు 48 శాతం. అంటే దాదాపు బొమ్మా బొరుసా. చచ్చే అవకాశం ఇంత ఉంది కాబట్టి ఇది బాగా చవగ్గా ఉండాలి కదా అని ఆవిడని అడిగాను. "సగం ధర ఉంటుందేమో" అన్నారు. దాని ధర 2.59. మామూలు కాల్ కంటే 0.23 మాత్రమే తక్కువ.

27 శాతం చావు అవకాశానికి 2.16 తగ్గింపు. 48 శాతం చావు అవకాశానికి 0.23 తగ్గింపు. ఆవిడ కాసేపు ఆ రెండు అంకెల వైపే చూస్తూ ఉండిపోయారు.

సంగతేమిటంటే, మార్కెట్ తగ్గింపు ఇచ్చేది ఆప్షన్ ఎంత తరచుగా చస్తుందన్నదాన్ని బట్టి కాదు, చచ్చేటప్పుడు దాని ఒంట్లో ఎంత ప్రాణం ఉందన్నదాన్ని బట్టి. రేటు 95కి పడినప్పుడు 100 స్ట్రైక్ కాల్ ఎలాగూ కొన ఊపిరితో ఉంటుంది. అది పోయినా కొన్నవాడికి పెద్దగా పోయేదేమీ లేదు, ఎందుకంటే అతనికి కావలసిన కరెన్సీ ఇప్పుడు 95కే దొరుకుతోంది. రేటు 108 దగ్గర ఉన్నప్పుడు అదే కాల్ ఒంట్లో కనీసం 8 ఉంటుంది. రివర్స్ నాకౌట్ చంపేది దాన్ని. 0.66కి దొరికింది చవక కాల్ కాదు. కాల్‌లో అత్యంత విలువైన ముక్క కోసేసి, మిగిలింది అమ్మారు.

కోసేసిన ముక్కకీ ఒక పేరు, ఒక ధర ఉన్నాయి. 108 తాకితేనే ప్రాణం పోసుకునే కాల్‌ని నాకిన్ అంటారు. నాకౌట్‌నీ నాకిన్‌నీ ఒకే బ్యారియర్‌తో రెండూ కొంటే, ఏదో ఒకటి కచ్చితంగా బతుకుతుంది. అంటే రెండూ కలిపి ఒక మామూలు కాల్. కాబట్టి 108 నాకిన్ ధర 2.82లోంచి 0.66 తీసేస్తే 2.16. కోట్ చూసినప్పుడు నేను మొదట చేసే పని ఇదే: నాకిన్ ధర కూడా అడుగుతాను. "మీరు 0.66కి కొంటున్నారు" అనే మాట కంటే "మీరు 2.16 విలువైన భాగాన్ని వదులుకుంటున్నారు" అనే మాట మనిషిని వెంటనే ఆలోచింపజేస్తుంది.

ఇప్పుడు జరిగింది చెబుతాను. మొదటి మూడు నెలలు రేటు 97.40కి, 102కి మధ్య ఊగింది. నాలుగో నెల చివరికి 105కి వచ్చింది. ఇంకా రెండు నెలల గడువుంది. ఆ వారం నెలవారీ విలువ పత్రం వచ్చింది. మామూలు కాల్ అయితే ఆ రోజు దాని విలువ 5.24. వీళ్ల చేతిలో ఉన్నదాని విలువ 1.36. ఆవిడ దాన్ని చూసి "ఇదేదో బ్యాంకు లెక్క, చివర్లో సరైపోతుంది" అని ఫైల్ చేసేశారు. నిజానికి జబ్బు ముదిరిందని చెప్పే మొదటి లక్షణం అదే. ఇంకా స్పష్టమైన లక్షణం ఇంకోటుంది. అదే రోజు రేటు 104 ఉండి ఉంటే వీళ్ల ఆప్షన్ విలువ 1.58. రేటు 104 నుంచి 105కి పెరిగితే కాల్ విలువ తగ్గింది! కాల్ కొన్నవాడు రేటు పెరిగితే లాభపడాలి. పెరిగేకొద్దీ విలువ తగ్గడం మొదలైందంటే, మీ చేతిలో ఉన్న కాల్ అప్పటికే మీకు ఎదురు తిరిగిందని అర్థం. ఆ రోజు బ్యాంకుకే తిరిగి అమ్మేసి, వచ్చిన 1.36తో కొత్త హెడ్జ్, అంటే కొత్త రక్షణ, వేసుకునే వీలు ఉండేది. ఎవరూ అడగలేదు.

ఐదో నెల మధ్యలో ఒక రాత్రి 108.05.

ఇక్కడ తగాదా వచ్చింది. ఆవిడ ఆఫీసులో స్క్రీన్ చూసే వేళల్లో రేటు 107.80 దాటలేదు. "మా ట్రేడింగ్ వేళల్లో తాకలేదు కదా" అన్నారు. ఒప్పందం అలా అనదు. కరెన్సీ బ్యారియర్‌లకి వాడే ప్రామాణిక నిబంధనలు, అంటే 2005లో డెరివేటివ్‌ల మార్కెట్ సంఘం ఇస్డా వాళ్లూ మరికొన్ని సంస్థలూ కలిసి తెచ్చిన బ్యారియర్ ఆప్షన్ సప్లిమెంట్ లాంటివి, సోమవారం సిడ్నీలో తెల్లవారినప్పటి నుంచి శుక్రవారం న్యూయార్క్‌లో సాయంత్రం దాకా మార్కెట్ తెరిచి ఉన్నట్టే చూస్తాయి. తాకిందా లేదా అని తేల్చే ఏజెంట్ ఎవరో కూడా ఒప్పందంలోనే రాసి ఉంటుంది. చాలా సార్లు అది అమ్మిన బ్యాంకే. ఈ ఒప్పందంలోనూ అంతే. నేను ఆ రాత్రి లావాదేవీల వివరాలు అడిగించాను. మార్కెట్‌లో మామూలుగా జరిగే సైజులో 108 పైన ఒకటి కాదు, చాలా లావాదేవీలు ఉన్నాయి. బ్యాంకు తప్పు చెయ్యలేదు. అడగడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే ఒకే ఒక్క చిన్న, వింత ధర మీద బ్యారియర్ తెగిందని చెప్పిన సందర్భంలో పోట్లాడే హక్కు కొన్నవాడికి ఉంటుంది.

ఎన్నిసార్లు చూస్తారన్నది కూడా ధరలోకి వస్తుంది. రోజుకొక్కసారి, ఆ రోజు రేటుని ప్రకటించే ఫలానా ఫిక్సింగ్ వేళలో మాత్రమే చూసే బ్యారియర్ అయితే రాత్రిపూట గంతులు లెక్కలోకి రావు. 1997లో బ్రాడీ, గ్లాసర్‌మన్, కౌ ఒక చక్కని సర్దుబాటు సూత్రం ఇచ్చారు. రోజువారీ బ్యారియర్‌ని ఎప్పుడూ చూసే బ్యారియర్‌గా మార్చి ధర కట్టాలంటే, బ్యారియర్‌ని కొంచెం దూరం జరపాలి. మన లెక్కలో 108 కాస్తా సుమారు 108.40 అవుతుంది. అంటే రోజుకొక్కసారి చూసే షరతు కొన్నవాడికి 0.40 మేర ఊపిరాడే చోటు ఇస్తుంది, దానికి తగ్గట్టు ధర పెరుగుతుంది. ఈ కేసులో 108.05 ఆ రాత్రికే పరిమితమై ఉంటే రోజువారీ షరతు ఆప్షన్‌ని కాపాడేది. కానీ మర్నాడు ఫిక్సింగ్ వేళకీ రేటు 108 పైనే ఉంది.

ఆప్షన్ పోయాక జరిగిందే అసలు నష్టం. అప్పటిదాకా రక్షణ ఉందనుకున్న కంపెనీకి ఒక్క రాత్రిలో పది లక్షల యూనిట్లూ ఒట్టి చేతుల్లో మిగిలాయి. టెన్షన్‌లో ఆ వారమే 109.10 దగ్గర ఫార్వర్డ్, అంటే గడువు రోజు రేటుని ఇప్పుడే ఖాయం చేసే ఒప్పందం, తీసుకుని మొత్తం లాక్ చేసేశారు. ఆ తర్వాత రేటు మెల్లగా దిగి, గడువు రోజున 105.30 దగ్గర ముగిసింది.

ఒక్కో దారిలో యూనిట్ ఎంతకి పడేదో, ప్రీమియం కలిపి, ఆవిడకి వేసి చూపించిన పట్టిక ఇది:

| దారి | యూనిట్ ఖర్చు |
|---|---|
| ఏ రక్షణా లేకుండా | 105.30 |
| మామూలు కాల్ | 102.82 |
| 95 బ్యారియర్ ఉన్న కాల్ | 102.59 |
| 100/108 కాల్ స్ప్రెడ్ | 102.30 |
| గడువు రోజే చూసే 108 బ్యారియర్ | 101.26 |
| నిజంగా జరిగింది | 109.76 |

మామూలు కాల్‌తో పోలిస్తే, మిగిలిన 2.16 కోసం పోయింది 6.94. మొత్తం మీద 69.4 లక్షలు. ఇందులో కొంత భాగం 109.10 దగ్గర కంగారుపడినందుకు, నిజమే. కానీ అలాంటి కంగారుకి దారి తీయడం కూడా ఈ ఆప్షన్ స్వభావంలోనే ఉంది. రక్షణ ఊడిపోయేది ఎప్పుడూ మార్కెట్ మీ మీదికి వస్తున్నప్పుడే, ప్రశాంతంగా ఆలోచించే సమయంలో కాదు.

పట్టికలో చివరి నుంచి రెండో వరుస చూసి "మరి ఇది ఇంత బాగుంటే ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. అది అదృష్టం కొద్దీ బాగుంది. గడువు రోజున రేటు 108.10 అయ్యుంటే అదే వరుసలో 109.36 ఉండేది. ఆ ఆప్షన్‌ని విప్పి చూస్తే డిజిటల్ ఆప్షన్ అంటే ఏమిటో తేలిగ్గా తెలుస్తుంది. నేను అలాగే చెప్పాను.

చివరి రోజే చూసే బ్యారియర్ ఉన్న కాల్ ఏమిస్తుంది? రేటు 100కీ 108కీ మధ్య ముగిస్తే మామూలు కాల్ ఇచ్చేదే ఇస్తుంది. 108 దగ్గర ఒక్కసారిగా కొండ అంచు మీంచి కింద పడ్డట్టు సున్నా అవుతుంది. దీన్ని మూడు ముక్కలుగా కట్టొచ్చు. ముందు 100 కాల్ కొనాలి, 2.82. తర్వాత 108 కాల్ అమ్మాలి, 0.52 వస్తుంది. ఇప్పటికి చేతిలో ఉన్నది కాల్ స్ప్రెడ్, ధర 2.30. ఇది 108 తర్వాత పెరగదు, కానీ సున్నా కూడా కాదు, 8 దగ్గర నిలబడిపోతుంది. ఆ 8ని కూడా పోగొట్టాలంటే, రేటు 108 పైన ముగిస్తే సరిగ్గా 8 ఇస్తానని ఇంకొకరికి మాట ఇవ్వాలి. అదే డిజిటల్ ఆప్షన్. షరతు నెరవేరితే ముందే అనుకున్న మొత్తం, లేకపోతే ఏమీ లేదు. ఎంత పైకి పోయిందన్న ప్రశ్నే లేదు.

దాని ధర కట్టడం కూడా అంతే సూటిగా ఉంటుంది. 108 పైన ముగిసే అవకాశం 13.06 శాతం, ఇచ్చేది 8, కాబట్టి 1.04. (వడ్డీ లేదనుకున్నాం కాబట్టి ఇంత సులువు, ఉంటే ఆ మేరకు తగ్గించాలి.) 2.30లోంచి 1.04 తీసేస్తే 1.26. దాని మీద రోజూ, రాత్రీ పగలూ చూసే షరతు వేస్తే 0.66. బ్యారియర్ ఆప్షన్ అంటే ఏదో కొత్త జంతువు కాదని ఈ లెక్క చూశాక ఆవిడ మొహం కాస్త తేటపడింది. నేనైతే మొదట్లోనే ఆ 2.30 కాల్ స్ప్రెడ్ సూచించేవాణ్ని. మామూలు కాల్ కంటే 0.52 తక్కువ, 108 దాటినా చేతికి 8 వస్తుంది. రక్షణకి పైకప్పు ఉంటుంది, కానీ నేల ఊడిపోదు.

అమ్మినవాడి వైపు నుంచి కూడా ఒక్కసారి చూడాలి, ఎందుకంటే కోట్‌లో కనిపించే కొన్ని వింతలకి కారణం అక్కడే ఉంది. గడువుకి ఒక్క రోజు ముందు, బ్యారియర్ ఇంకా తెగలేదనుకోండి. రేటు 106 ఉంటే ఆ నాకౌట్ విలువ 5.98. 107 ఉంటే 5.88. 107.50 ఉంటే 3.81. 108 అయితే సున్నా. చివరి అర పాయింట్‌లో దాదాపు నాలుగు మాయం. మామూలు కాల్ అయితే రేటు ఒకటి కదిలితే విలువ మహా అయితే ఒకటి కదులుతుంది. ఇక్కడ ఒకటికి ఏడున్నర రెట్లు, అదీ వ్యతిరేక దిశలో. బ్యాంకు డెస్క్ దాన్ని హెడ్జ్ చేయాలంటే రేటు 108 వైపు వస్తున్నకొద్దీ ఒప్పందం సైజుకి కొన్ని రెట్లు కరెన్సీ అమ్మాలి, 108 తెగగానే అదంతా ఒక్క దెబ్బకి తిరిగి కొనాలి. పెరుగుతున్న మార్కెట్‌లో, అందరూ కొంటున్న చోటే. నేను డెస్క్ మీద ఉన్నప్పుడు ఇలాంటి రాత్రులు కాపలా కాశాను, ఆ కొనుగోళ్లే రేటుని ఇంకాస్త పైకి నెట్టడం చూశాను. అందుకే డెస్క్ 108 బ్యారియర్‌ని 108.50 దగ్గర ఉన్నట్టు ఊహించుకుని ధర కడుతుంది, ఆ అదనపు అర పాయింట్ తన గుండె ధైర్యం కోసం. మీకు వచ్చిన కోట్ మీ మోడల్ ధర కంటే కొంచెం ఎక్కువుంటే చాలావరకు కారణం ఇదే. సైజు ఎంత పెద్దదైతే, బ్యారియర్ స్ట్రైక్‌కి ఎంత దూరంలో ఉంటే, ఈ సర్దుబాటు అంత పెరుగుతుంది.

రెండు నెలల తర్వాత అదే బ్యాంకు ఆవిడకి ఒక డిజిటల్ తెచ్చింది. ఆరు నెలలు, రేటు మళ్లీ 100 దగ్గరే అనుకుందాం. గడువు రోజున 104 కానీ, అంతకంటే పైన కానీ ఉంటే యూనిట్‌కి 10. ధర 3.01. ఈసారి ఆవిడ సంతకం పెట్టకముందే ఫోన్ చేశారు. "ఇందులో చచ్చిపోయే గొడవ లేదు కదండీ?" అన్నారు.

మధ్యలో చచ్చే గొడవ లేదు. (మధ్యలో ఎప్పుడు తాకినా డబ్బిచ్చే రకం వేరు, దాన్ని వన్ టచ్ అంటారు. ఇదే స్థాయిలో దాని ధర 5.68 దాకా పోతుంది. తాకే అవకాశం ముగిసే అవకాశానికి రెట్టింపు అన్న పాత లెక్కే.) కానీ గొడవ చివరి రోజు దగ్గర కూర్చుని ఉంది. 103.99 అయితే సున్నా, 104 అయితే పది. మామూలు కాల్‌కి ఆ 0.01 తేడా 0.01 మాత్రమే. ఇంకోవైపు, దిగుమతిదారు నష్టం రేటుతో పాటు పెరుగుతూ పోతుంది. రేటు 118 అయితే నష్టం 18, డిజిటల్ ఇచ్చేది పదే. 103 అయితే నష్టం 3, డిజిటల్ ఇచ్చేది సున్నా. మీ నష్టం వాలుగా ఉన్న గీత, డిజిటల్ ఒక మెట్టు. ఈ రెండూ ఎక్కడా సరిగ్గా అతకవు. కంపెనీ మామూలు చెల్లింపులకి ఇది పనికిరాదని చెప్పేశాను.

అప్పుడు ఆవిడ ఒక విషయం చెప్పారు, నేను అడగాల్సింది. కొత్త సరఫరాదారు ఒప్పందంలో ఒక షరతు ఉంది: సరుకు దిగిన రోజున రేటు 104 లేదా ఆపైన ఉంటే, యూనిట్‌కి 10 చొప్పున స్థిరమైన అదనపు ఛార్జీ. 104 అయినా, 114 అయినా అదే పది. ఈ నష్టం వాలు కాదు, మెట్టే. మెట్టుకి మెట్టు సరిపోతుంది. కాల్ కొంటే ఇక్కడ తప్పవుతుంది: 104 దగ్గర 100 కాల్ ఇచ్చేది 4 మాత్రమే.

ధర సంగతి చూశాం. 104 పైన ముగిసే అవకాశం 27.76 శాతం, కాబట్టి సిద్ధాంతం ప్రకారం 2.78. బ్యాంకు 3.01 ఎందుకు అడిగింది? అది కూడా కొండ అంచు భయమే. నిజంగా మెట్టులా ఉండే వస్తువుని హెడ్జ్ చేయడం కష్టం కాబట్టి, డెస్క్ మెట్టు బదులు ఒక చిన్న వాలు కొనుక్కుంటుంది: 103 స్ట్రైక్ కాల్‌లు పది కొని, 104 కాల్‌లు పది అమ్ముతుంది. 103 కాల్ 1.61, 104 కాల్ 1.31, తేడా 0.30, పదింటికి 3.01. ఈ స్ప్రెడ్ 104 దగ్గరకి వచ్చేసరికి పూర్తిగా పది ఇస్తుంది, కాబట్టి డెస్క్ ఎప్పుడూ నష్టపోదు. 103కీ 104కీ మధ్య ముగిస్తే దానికి మిగులు కూడా. ఈ వెడల్పుని బేరమాడొచ్చు. 103.50 నుంచి 104 దాకా కట్టమని అడిగితే స్ప్రెడ్ ఇరుకై ధర 2.78కి దగ్గరవుతుంది, డెస్క్‌కి తలనొప్పి పెరుగుతుంది. మేము అడిగాం, కొంత తగ్గించారు. డిజిటల్ ధరలో ఇంకో దాగిన భాగం వొలటిలిటీ వాలు. పై స్ట్రైక్‌లకి వొలటిలిటీ తక్కువగా ఉండే మార్కెట్‌లో, స్ట్రైక్ ఒకటి పెరిగితే వొలటిలిటీ 0.2 పాయింట్ తగ్గుతుందనుకుంటే, ఇదే డిజిటల్ 2.78 నుంచి సుమారు 3.27కి పోతుంది. అందుకే డిజిటల్‌ని ఒకే వొలటిలిటీ అంకె పెట్టి లెక్క కట్టి "బ్యాంకు దోచుకుంటోంది" అనడం తొందరపాటు. ఒకే స్ట్రైక్ దగ్గరి వొలటిలిటీ కాదు, రెండు పక్కల స్ట్రైక్‌ల కోట్‌లూ అడగాలి.

ఇదే మెట్టు ఆటని నిమిషాల గడువుతో, చిన్న మదుపరులకి ఫోన్‌లో అమ్మితే దాన్ని బైనరీ ఆప్షన్ అంటారు. యూరప్‌లో మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్మా 2018 జులైలో సాధారణ మదుపరులకి వాటి అమ్మకాన్నే నిషేధించింది. వస్తువు ఒకటే. అక్కడ కొనేవాడికి హెడ్జ్ చేయాల్సిన మెట్టు ఏదీ ఉండదు, ధర సరైనదో కాదో పోల్చుకునే కోట్‌లూ ఉండవు.

సంతకానికి ముందు రోజు రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. సరఫరాదారు ఒప్పందంలో "సరుకు దిగిన రోజు కేంద్ర బ్యాంకు ప్రకటించే రేటు" అని ఉంది. డిజిటల్ టర్మ్ షీట్‌లో వేరే ఫిక్సింగ్, దాదాపు మూడు గంటల తర్వాతది. ఒకటి 104.02, ఇంకోటి 103.97 అయితే? ఛార్జీ పది కట్టాలి, డిజిటల్ సున్నా ఇస్తుంది. వాలుగా ఉండే ఆప్షన్‌కి ఆ 0.05 తేడా ఎవరూ పట్టించుకోరు. బ్యాంకుకి చెప్పి ఫిక్సింగ్ మార్పించాం. సరుకు దిగే తేదీ మారితే గడువు కూడా దాంతో పాటే జరిగేలా ఒక లైన్ చేర్పించాం, దానికి 0.04 ఎక్కువ అడిగారు. ఆవిడ పెన్ను తీసుకుని, సంతకం పెట్టే ముందు మళ్లీ మొదటి పేజీకి వెళ్లి, "రద్దు" అన్న మాట ఎక్కడైనా ఉందేమో అని వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుకుంటూ వచ్చారు.